ముఖం మా అమ్మాయిలా లేదంటున్నారు: పోర్ట్రెయిట్ ఎడిట్‌లో తప్పు ఎక్కడుందో తేల్చడం

ప్రశ్న: మాది పాలకొల్లులో చిన్న స్టూడియో. ఎడిటింగ్ బయటికి ఇస్తాం. మాఘమాసంలో ఒక పెళ్లికి, పెళ్లికూతుర్ని సాయంత్రం నాలుగున్నరకి కాలవ గట్టు మీద కొబ్బరిచెట్ల నీడలో కూర్చోబెట్టి తీశాను. పక్కనే దాళ్వా చేను. ఎర్ర పట్టుచీర, చేతులు ఒళ్లో. ఎడిట్ అయి వచ్చింది. నాకు బాగానే కనిపిస్తోంది గానీ వాళ్ల అమ్మగారు "ముఖం మా అమ్మాయిలా లేదండీ, వెనకాల కూడా ఏదో గజిబిజిగా ఉంది" అంటున్నారు. ఆల్బమ్ ప్రింటుకి పంపేముందు ఎడిట్ సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చాలి? అసలు ఫైలు, ఎడిట్ చేసిన ఫైలు రెండూ పెడుతున్నాను.

సమాధానం:

అమ్మగారు చెప్పింది నిజమేనండి. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు లోపాలు కనిపిస్తున్నాయి. ముఖం రంగు మారింది, చర్మం మీద గీతా గరుకూ లేకుండా పోయింది, వెనకున్న వస్తువులు కంటిని లాగేస్తున్నాయి. అయితే ఇవి దేనికది విడిగా వచ్చినవి కావు. మొదట రంగు సర్దడంలో ఒక పొరపాటు జరిగింది. దాన్ని కప్పడానికి ముఖం తెల్లబరిచారు. తెల్లబరచగానే మచ్చలు మచ్చలుగా బయటపడింది కాబట్టి నునుపు చేశారు. ముఖం అంత చదునైపోయాక వెనకభాగం బరువుగా అనిపించి దాన్ని మసక చేశారు. అందుకే పరీక్ష కూడా ఇదే వరసలో, రంగుతో మొదలుపెట్టాలి. నునుపు తగ్గించమని మాత్రమే ఎడిటర్‌కి చెబితే మచ్చలు మళ్లీ తేలి, ఫొటో ఇంకా పాడైనట్టు కనిపిస్తుంది.

ముందుగా చూసే తెర సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. వాట్సాప్‌లో వచ్చిన కాపీ మీద తీర్పు చెప్పకండి, అందులో చర్మం మీది సన్నటి వివరం కుదింపులోనే సగం పోతుంది. ఫోన్‌లో చూడక తప్పకపోతే డిస్‌ప్లే సెట్టింగుల్లో రంగులు పెంచి చూపే మోడ్ తీసేసి సహజ రంగుల మోడ్ పెట్టండి. కంప్యూటర్ మీద నైట్ లైట్ ఆపి ఉండాలి, మానిటర్ 6500 కెల్విన్ దగ్గర ఉండాలి, వెలుతురు మరీ ఎక్కువ పెట్టకూడదు. తెర బాగా వెలుగుతుంటే ముఖం చాలినంత తెల్లగానే ఉన్నట్టు కనిపించి, ప్రింటులో చీకటిగా వస్తుంది.

ఇప్పుడు రంగు. ఈ ఫొటోలో అసలు చిక్కు అక్కడే ఉంది.

మాఘ ఫాల్గుణాల్లో దాళ్వా చేను పచ్చగా ఉంటుంది. ఆకు ఎరుపునీ నీలాన్నీ తాగేసి పచ్చని వెలుగుని ఎక్కువగా తిరిగి వదులుతుంది. గట్టు మీద కూర్చున్న మనిషికి చేను కింద నుంచీ పక్క నుంచీ వెలుగు కొడుతుంది కాబట్టి ఆ పచ్చదనం దవడ కింద, ముక్కు కింద, మెడ మీద, కనుబొమ్మల కింద పడుతుంది. పైనేమో కొబ్బరాకుల్లోంచి జారే వెలుగు నుదుటి మీద అక్కడక్కడా పడుతుంది. బుగ్గకి మాత్రం కాలవ వైపు నుంచి ఆకాశపు వెలుగు వస్తోంది. అంటే ఒకే ముఖం మీద రెండు మూడు రంగుల వెలుగులున్నాయి. అదే చోట ఏప్రిల్‌లో కోతలయ్యాక తీస్తే మోడు చేను బంగారు రంగు వెలుగు కొడుతుంది, ఈ గొడవ చాలావరకు ఉండదు.

కంటితో చూసి "పచ్చగా ఉంది" అనడం కంటే కొలవడం మేలు, ఎందుకంటే పక్కనున్న రంగుని బట్టి కన్ను మోసపోతుంది. చుట్టూ పచ్చటి చేను ఉంటే మామూలు చర్మం కూడా గులాబీగా కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో ఐడ్రాపర్ తీసుకుని పైన `Sample Size` దగ్గర `11 by 11 Average` పెట్టండి. ఒక్క పిక్సెల్ కొలిస్తే ఏ రోమం మీదో, మెరుపు మీదో పడి తప్పు లెక్క వస్తుంది. తరవాత `Info` ప్యానెల్ ఆప్షన్లలో రెండో రీడింగు `HSB Color` చేయండి. అందులో H అంటే రంగు ఏ వైపు ఉందో డిగ్రీల్లో, S అంటే ఆ రంగు ఎంత చిక్కగా ఉందో, B అంటే ఎంత వెలుగుందో శాతాల్లో చూపిస్తుంది.

మనవాళ్ల చర్మం, తెల్లటి ఛాయైనా చామనఛాయైనా నలుపైనా, మామూలు వెలుగులో H విలువ దాదాపు 15 నుంచి 30 మధ్యే ఉంటుంది. చర్మానికి రంగునిచ్చేవి ప్రధానంగా మెలనిన్, రక్తం. మనిషికీ మనిషికీ వాటి పాళ్లు మారతాయి గానీ పదార్థాలు అవే. అందుకే ఛాయలో తేడా ముఖ్యంగా S లోనూ B లోనూ కనిపిస్తుంది, H లో అంతగా కనిపించదు. H 12 కంటే కిందకి పోతే చర్మం గులాబీ వైపు వెళ్లిందని, 35 దాటితే పచ్చ వైపు వెళ్లిందని అనుమానించాలి.

మీ అసలు ఫైలులో వెలుగు పడిన బుగ్గ మీద H 24, S 43, B 73 ఉంది. ముంజేతి మీద, గాజులకి పైన, H 24, S 43, B 67. రెండూ ఒకే మనిషివని ఆ అంకెలే చెబుతున్నాయి. దవడ కింద మాత్రం H 42. చేను కొట్టిన పచ్చదనం అదే. ఎడిట్ చేసిన ఫైలులో బుగ్గ H 10, S 20, B 89కి వెళ్లింది. ముంజెయ్యి H 18, S 41, B 69. దవడ కింద ఇంకా H 33 ఉంది.

ఈ అంకెల్లోనే జరిగిందంతా ఉంది. దవడ కింది పచ్చదనం చూసి ఎడిటర్ మొత్తం ఫొటోకి `Tint` స్లైడర్ని మెజెంటా వైపు జరిపారు. అందుకే ముంజెయ్యి కూడా 24 నుంచి 18కి జరిగింది. దాంతో దవడ పూర్తిగా బాగవ్వలేదు గానీ, ఏ దోషమూ లేని బుగ్గ గులాబీకి తిరిగింది. తరవాత ముఖం మీద మాత్రం బ్రష్ వేసి వెలుగు పెంచి రంగు తగ్గించారు. S సగానికి పైగా పడిపోయి 20కి వచ్చింది చూడండి. అదే సున్నం కొట్టినట్టు కనిపించే తెలుపు. నిజంగా తెల్లని ఛాయ ఉన్నవాళ్లకి కూడా బుగ్గలో రక్తం రంగు ఉంటుంది, S అంత కిందకి పోదు. వాళ్ల అమ్మగారు ఈ లెక్కలేవీ చూడకుండానే పట్టుకున్నది ఇదే. చేతులు వాళ్ల అమ్మాయివి, ముఖం కాదు.

కాబట్టి ముఖాన్ని ఒంటరిగా చూసి తీర్పు చెప్పకూడదు. ముఖం, చెవి, మెడ, ముంజెయ్యి నాలుగూ కొలవండి. ఒకే రకమైన వెలుగు పడిన చోట్ల H లో తేడా 5, 6 డిగ్రీలు దాటకూడదు. మేకప్ వేశారు కాబట్టి ముఖం B లో కొంత ఎక్కువ ఉండడం సహజమే, 8 నుంచి 10 వరకు ఒప్పుకోవచ్చు. ఇక్కడ తేడా 20 ఉంది. చెవి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి, బ్రష్ వేసేవాళ్లు చెవిని మర్చిపోతుంటారు. ఈ ఫొటోలో కూడా చెవి మీద బ్రష్ పడక, బుగ్గ పక్కన అతికించినట్టుంది.

కొలిచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. అరచేయి కొలవకండి, అది ఎవరికైనా లేతగా, గులాబీగానే ఉంటుంది. గోరింటాకు ఉన్నచోటూ వద్దు. చీర ఎరుపు కాబట్టి పమిట ఆనుకున్న మెడ భాగం ఎర్రగా చూపించడం న్యాయమే, అక్కడ H 14, 15 వచ్చినా దాన్ని సరిచేయబోకండి. అన్నిటికంటే ముఖ్యంగా, మంగళస్నానాల రోజు ఫొటోలకి ఈ లెక్క నేరుగా పెట్టకండి. ఒంటికి రాసిన పసుపు నీలం వెలుగుని తాగేస్తుంది కాబట్టి H 30 పైకి పోతుంది, S కూడా పెరుగుతుంది, అది కూడా జుట్టు మొదట్లో, ముక్కు పక్కన, చెవుల ముందు ఎక్కువగా. అది దోషం కాదు, ఆ రోజు ముఖం అలాగే ఉంటుంది. దాన్ని మామూలు చర్మం చేయడానికి చూస్తే పసుపు పోయి బూడిద రంగు మిగులుతుంది.

అంకెలు నాలుగైదు చోట్ల సంగతే చెబుతాయి. ముఖమంతా ఒకేసారి చూడాలంటే ఒక తేలిక పద్ధతుంది. అన్నిటికంటే పైన కొత్త లేయర్ పెట్టి `Edit > Fill` లో `50% Gray` నింపండి, బ్లెండ్ మోడ్ `Luminosity` చేయండి. వెలుగునీడలన్నీ పోయి రంగు ఒక్కటే మిగులుతుంది. తేడా చాలకపోతే దాని మీద `Hue/Saturation` వేసి సాచురేషన్ 40 పెంచండి. మీ ఎడిట్‌లో బుగ్గలు రెండు గులాబీ మచ్చల్లా, దవడ పచ్చటి పట్టీలా, చెవి నారింజగా విడివిడిగా తేలతాయి. అసలు ఫైలులో దవడ ఒక్కటే తేలుతుంది. చూడడం అయ్యాక ఆ లేయర్లు తీసేయడం మర్చిపోకండి.

సరిచేయడం ఎలాగో కూడా చెబుతాను, ఎడిటర్‌కి అలాగే చెప్పండి. మొత్తం ఫొటోకి వేసిన `Tint` వెనక్కి తీసేయాలి. లైట్‌రూమ్‌లో గానీ కెమెరా రాలో గానీ మాస్క్ బ్రష్ తీసుకుని ఫ్లో 25 దగ్గర పెట్టి, అంచు బాగా మెత్తగా ఉంచి, దవడ కింద, మెడ పక్క, ముక్కు కింద మాత్రమే వేయాలి. ఆ మాస్క్‌లో `Tint` 12 నుంచి 18 వరకు మెజెంటా వైపు, సాచురేషన్ 5 నుంచి 8 తగ్గింపు. H 42 ఉన్న చోటు 28, 30కి వస్తే ఆపేయాలి. పూర్తిగా 24కి తెచ్చేస్తే బాగుండదు. చేను పక్కన కూర్చున్న మనిషి మీద చేను వెలుగు కాస్తయినా లేకపోతే మనిషిని వేరే చోటు నుంచి తెచ్చి పెట్టినట్టుంటుంది.

వెలుగు పెంచడం వద్దనను. ముఖం నీడలో ఉంది, కొంచెం ఎత్తాలి. కానీ ముఖం ఒక్కదానికే కాకుండా చర్మం కనిపించే చోటల్లా ఎక్స్‌పోజర్ 0.25 నుంచి 0.35 వరకు చాలు. చాలామంది `Color Mixer` లో ఆరెంజ్ ల్యూమినెన్స్ 30, 40 పెంచేస్తారు. దానితో చర్మంతోపాటు బంగారం కూడా తేలిపోతుంది. కాసులపేరు, వంకీ ఇత్తడిలా పాలిపోయి కనిపిస్తే ఆ స్లైడర్ ఎక్కడో ఎక్కువ జరిగిందని గుర్తు. మీ ఫొటోలో నగలు బాగానే ఉన్నాయి, అందుకే ఇది బ్రష్‌తో చేసిన పని అని తేల్చగలిగాను. ఇంకొక మాట. పెళ్లివారే "కొంచెం తెల్లగా చేయండి" అని అడిగితే B పెంచవచ్చు, S ని మాత్రం అసలు విలువలో నాలుగో వంతు కంటే ఎక్కువ తగ్గనివ్వకండి. చామనఛాయ పిల్ల వెలుగులో నిలబడ్డట్టు కనిపించాలి. వేరే పిల్లలా కనిపిస్తే ఇప్పుడు వచ్చిన మాటే మళ్లీ వస్తుంది.

ఇక నునుపు. దీన్ని చూసేటప్పుడు జూమ్ ముఖ్యం. 200 శాతంలో చూస్తే ఏ మంచి ముఖమైనా గరుకుగా కనిపిస్తుంది, ఎడిటర్లు అతిగా నునుపు చేసేది అక్కడ పనిచేయడం వల్లే. తెరకి సరిపడా సైజులో చూస్తే మైనం పూసినట్టున్నా తెలియదు. 100 శాతంలో చూసి, వెంటనే తెర సైజుకి వచ్చి, మళ్లీ 100కి వెళ్లండి.

100 శాతంలో పెట్టి కళ్లనీ పెదవులనీ చేత్తో మూసి బుగ్గని మాత్రమే చూడండి. కళ్లు పదునుగా ఉంటే ముఖమంతా పదునుగా ఉన్నట్టు మనసు సర్దుకుంటుంది, అందుకే మూయమంటున్నది. మీ ఎడిట్‌లో మూసి చూస్తే మిగిలింది ఒక రంగు మీద మెల్లగా మారే ఇంకో రంగు, అంతే. రంధ్రం లేదు, సన్నటి నూగు లేదు. అసలు ఫైలులో దవడ అంచున ఆకాశపు వెలుగు పడిన చోట నూగు సన్నటి గీతలా మెరుస్తోంది. ఎడిట్‌లో అది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. తరవాత ముక్కుపుడక దగ్గరికి రండి. అసలు ఫైలులో ముక్కుపుడక రాయి కింద చిన్న నీడ, దాని పక్కన ముక్కు మడత కనిపిస్తాయి. ఎడిట్‌లో రాయి ఉంది, నీడ సగం పోయింది, మడత లేదు. అందుకే ముక్కుపుడక చర్మంలో దిగి కాకుండా పైన తేలుతున్నట్టుంది. కనుబొమ్మ మొదట్లో వెంట్రుకలు కూడా అంతే, మొదటి నాలుగైదు పొగలా మసకబారాయి. నునుపు హద్దు దాటిందా లేదా తేల్చడానికి ఈ అంచులే మంచి సాక్ష్యం. బుగ్గ మధ్యలో ఎంత నునుపు ఉందనేది అభిప్రాయం కావచ్చు. అంచు చెరిగిపోవడం అభిప్రాయం కాదు.

ఇంకో పరీక్ష బ్లూ ఛానెల్. ఫొటోషాప్‌లో `Ctrl+5` నొక్కితే బ్లూ ఛానెల్ ఒక్కటే నలుపుతెలుపులో కనిపిస్తుంది, `Ctrl+2` నొక్కితే మళ్లీ రంగులోకి వస్తుంది. మెలనినూ రక్తమూ రెండూ నీలం వెలుగుని బాగా తాగుతాయి కాబట్టి చర్మం మీది ప్రతి చుక్కా ఆ ఛానెల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అందులో చేతినీ ముఖాన్నీ పోల్చండి. చెయ్యి గరుకుగా, ముఖం పలకలా ఉంటే అతి జరిగినట్టే. మేకప్ వల్ల కొంత తేడా ఉంటుంది గానీ మేకప్ రంధ్రాల్ని పూర్తిగా మాయం చేయదు. దగ్గర్నుంచి చూస్తే పౌడరు కూడా చిన్న చిన్న రేణువుల్లా కనిపిస్తుంది. ఈ పరీక్ష పూర్తి సైజు ఫైలు మీదే చేయాలి. కుదించిన జేపెగ్‌లో బ్లూ ఛానెల్ గళ్లు గళ్లుగా పాడై ఏమీ తేలదు.

చివరగా నాయిస్ చూడండి. నీడలో తీశారు కాబట్టి చీర మడతల్లో, వెనక చెట్ల నీడల్లో సన్నటి రేణువు ఉంది. ముఖం మీద మాత్రం లేదు. ఒకే కెమెరాతో ఒకే క్షణంలో తీసిన ఫొటోలో అలా ఉండడానికి వీల్లేదు. చూసేవాళ్లు దీన్ని మాటల్లో చెప్పలేకపోయినా ముఖం అతికినట్టుందని మాత్రం అంటారు.

ఈ నునుపు ఎలా వచ్చిందో కూడా గుర్తుపట్టవచ్చు. కుడి బుగ్గ మీద వెలుగు ఆగి నీడ మొదలయ్యే చోట బూడిద రంగు మరక ఉంది. ఇది ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌లో వచ్చే తప్పు. ఆ పద్ధతిలో చర్మం గరుకుని ఒక లేయర్‌లోకీ, రంగునీ వెలుగునీడల్నీ ఇంకో లేయర్‌లోకీ విడదీస్తారు. రంగు లేయర్‌లో లాసోతో ఒక భాగం చుట్టి బ్లర్ చేస్తారు. ఆ చుట్టిన భాగం వెలుగునీ నీడనీ కలిపి చుడితే రెండూ కలిసిపోయి బురద రంగు వస్తుంది. వెలుగు వైపు వేరుగా, నీడ వైపు వేరుగా చుట్టాలి. విడదీసేటప్పుడు బ్లర్ రేడియస్ కూడా చూసుకోవాలి. మీలా 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఇలాంటి ఫొటోకి 6 నుంచి 10 పిక్సెళ్లు చాలు. రంధ్రాలు అప్పుడే మాయమై, ముక్కు, పెదవుల ఆకారం ఇంకా తెలుస్తున్న చోట ఆగాలి. రేడియస్ 25, 30 పెడితే బుగ్గ ఎత్తుపల్లాలు కూడా గరుకు లేయర్‌లోకి పోతాయి. అప్పుడు ఆ లేయర్‌ని ముట్టుకున్నప్పుడల్లా ముఖం ఆకారం మారుతుంది.

ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నదానికి నా లెక్క ఇది. పది పదిహేను రోజుల్లో దానంతటదే పోయేది తీసేయవచ్చు. మొటిమ, దోమకాటు, ఎండకి లేచిన పొక్కు, అన్నీ. ఎప్పుడూ ఉండేది ఉంచాలి, పుట్టుమచ్చ తీసేస్తే ఇంట్లోవాళ్లు మొదటి చూపులోనే పట్టేస్తారు. మీ ఎడిట్‌లో ఎడమ బుగ్గ మీది చిన్న పుట్టుమచ్చ పోయింది, వెంటనే తిరిగి పెట్టించండి. కళ్ల కింద నీడ, నవ్వు గీతలు సగం వరకు తగ్గించవచ్చు, పూర్తిగా తీయకూడదు. ఆ అమ్మాయి నవ్వుతోంది. నవ్వితే బుగ్గ పైకి లేచి ముక్కు పక్క నుంచి పెదవి దాకా గీత పడాలి. బుగ్గ లేచి గీత లేకపోతే నవ్వు అబద్ధంలా కనిపిస్తుంది. ఎడిటర్ దగ్గర లేయర్లున్న ఫైలు ఉంటే నునుపు లేయర్ల ఒపాసిటీ 40 దగ్గర పెట్టి చూడమనండి. కానీ అంచులు చెరిగినచోట ఒపాసిటీ తగ్గించి లాభం లేదు. కనుబొమ్మలు, ముక్కుపుడక, జుట్టు మొదళ్లు, పెదవి అంచుల దగ్గర మాస్క్‌తో పూర్తిగా అసలు చర్మం తెప్పించాలి. రంగు ముందే సరిచేసి ఉంటే ఆ 40 కూడా ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకంటే ఆ మచ్చల్లో చాలావరకు చర్మానివి కావు, రంగు తేడావి.

ఇప్పుడు వెనకభాగం. దీనికి జూమ్ ఎదురు దిక్కులో ఉండాలి. ఫొటోని బొటనవేలి గోరంత చేసి చూడండి, లేదా కళ్లు చికిలించి చూడండి. వివరం పోయి వెలుగు, రంగు, గీత మాత్రమే మిగులుతాయి. కన్ను మొదట ఎక్కడికి పోయిందో గమనించండి. తరవాత ఫొటోని అడ్డంగా తిప్పి, అంటే కుడిఎడమలు మార్చి, మళ్లీ చూడండి. గంటలకొద్దీ చూసిన ఫొటోలో అలవాటుపడి వదిలేసినవి అప్పుడు బయటపడతాయి.

మీ ఫొటోలో నాకు మొదట కనిపించింది ముఖం కాదు, కుడి చెవి పక్కన కొబ్బరాకుల సందులోంచి కనిపించే తెల్లటి ఆకాశం ముక్క. ఫొటో మొత్తంలో అన్నిటికంటే తెల్లటి చోటు అదే, పైగా ముఖం అంచుని తాకుతోంది. రెండోది తల వెనక నుంచి నిటారుగా లేచిన కరెంటు స్తంభం. మూడోది ఎడమ మూల ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కాలు, ఆ ఎరుపూ చీర ఎరుపూ ఒకటే కావడంతో చూపు రెండింటి మధ్యా తిరుగుతోంది. కాలవలో గుర్రపు డెక్క, దాని ఊదా పూలు ఉన్నాయి గానీ అవి దూరంగా, మసకగా ఉన్నాయి. వాటిని ముట్టుకోనక్కర్లేదు. గోదావరి జిల్లాల కాలవని చూస్తూనే గుర్తుపట్టేది వాటివల్లే.

ఎడిటర్ ఈ మూడింటినీ వదిలేసి మొత్తం వెనకభాగానికి బ్లర్ వేశారు. బ్లర్ వేస్తే గీతలు మెత్తబడతాయి గానీ తెల్లటి మచ్చ పెద్దదవుతుంది, ఎర్రటి మచ్చ ఎర్రగానే ఉంటుంది. అంటే కంటిని లాగే గుణం తగ్గలేదు. పైగా కొత్త తప్పులు వచ్చాయి. జడలో మల్లెపూల దండ సందుల్లో బ్లర్ పడలేదు, అక్కడ ఆకులు పదునుగానే ఉన్నాయి. చెవి దగ్గర ఎగిరిన వెంట్రుకలు సగం తెగిపోయాయి. ఆమె కూర్చున్న చోట గడ్డి ఆమెకి సమాన దూరంలోనే ఉంది, అది కూడా మసకైపోయింది. నిజమైన లెన్సులో మనిషికి సమాన దూరంలో ఉన్న నేల పదునుగా ఉంటుంది, అక్కడ నుంచి ముందుకీ వెనక్కీ పోయేకొద్దీ మెల్లగా మసకబారుతుంది. దొంగ బ్లర్‌ని పట్టుకోవడానికి ముందు నేలని చూడండి, తరవాత పూల సందులు చూడండి.

బ్లర్ పూర్తిగా తీయించండి, మీ లెన్సు ఇచ్చిన మసక చాలు. ఆకాశం ముక్క మీద మాస్క్ వేసి హైలైట్స్ తగ్గించి, ఎక్స్‌పోజర్ 0.6 నుంచి 0.8 దించి, కాస్త పచ్చదనం కలిపితే ఆకుల్లో కలిసిపోతుంది. అది పూర్తిగా కాలిపోయిన తెలుపు కాబట్టి ఇంకా దించితే బూడిద ముద్దవుతుంది. అప్పుడు పక్కనున్న ఆకు భాగాన్ని క్లోన్ చేసి కప్పడమే దారి. కుర్చీ కాలుని క్రాప్‌లో తీసేయవచ్చు, అక్కడ పోగొట్టుకునేది ఏమీ లేదు. స్తంభాన్ని తీసేయాలి, దించితే సరిపోదు. నిటారు గీత తలని తాకుతున్నంతకాలం ఎంత మసకగా ఉన్నా తలలోంచి మొలిచినట్టే కనిపిస్తుంది. తీసేటప్పుడు రెండు సంగతులు చూడమని చెప్పండి. ఒకటి, స్తంభం నీడ కాలవ నీళ్లలో పడి ఉంది. స్తంభం పోయి నీళ్లలో దాని ప్రతిబింబం మిగిలితే ఎవరో ఒకరు పట్టేస్తారు, తీగలు కూడా అంతే. రెండు, కొబ్బరాకుల్ని క్లోన్ చేసినప్పుడు ఒకే మట్ట రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. ఆకుల గీతలు స్పష్టంగా ఉండడంతో అది తొందరగా దొరికిపోతుంది. రెండు మూడు వేర్వేరు చెట్ల నుంచి తీసుకుని, కొంచెం తిప్పి, పరిమాణం మార్చి వేయాలి.

తల వెనక ఉన్న కొబ్బరి బోదె మాత్రం ఉంచండి. అది తల పక్కగా వంగి ఉంది, తలని తాకడం లేదు, ముఖం వైపే చూపుని తెస్తోంది. ఎడిటర్లు ఒకటి తీయమంటే అన్నీ తీసేసి వెనక గోడలా చేస్తారు. ముందే రాసి పంపండి, ఏవి తీయాలో, ఏవి ముట్టుకోకూడదో.

సరిచేసిన ఫైలు వచ్చాక మళ్లీ ఇదే వరసలో చూడండి. ముందు నాలుగు చోట్ల H, S, B. తరవాత 100 శాతంలో బుగ్గ, ముక్కుపుడక. ఆ తరవాత గోరంత సైజులో వెనకభాగం. పంపే జేపెగ్ sRGB లోనే ఉండాలి, లేకపోతే కొన్ని ల్యాబుల్లో రంగులు చప్పబడి వస్తాయి. 12×36 ఆల్బమ్ షీటు మీద ముఖం ఎంత పెద్దగా పడుతుందో లెక్కేసి, ఆ సైజులోనే ముఖం, చెవి, ఒక చెయ్యి వచ్చేలా ముక్క కత్తిరించి అదే ల్యాబులో 6×8 ప్రింటు ఒకటి తీయించండి. దాన్ని స్టూడియో ట్యూబులైటు కింద కాకుండా పగటిపూట అరుగు మీద నీడలో చూడండి. అక్కడ ముఖమూ చెయ్యీ ఒకే మనిషివిలా ఉంటే ఆ ప్రింటునే అమ్మగారికి చూపించి, ఆవిడ సరే అన్నాక ఆల్బమ్ పంపండి.